ఎవరికీ చెప్పకు నాన్నా అని నేనే అన్నాను

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లాను. వాళ్ల అమ్మాయి ఆ నెలాఖర్లో అమెరికా ప్రయాణం. హాల్లో ఒక మూల రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. కందిపొడి, గోంగూర పచ్చడి, ప్రెషర్ కుక్కర్, మూడు సైజుల గిన్నెలు. తాంబూలాలు అందుకుంటూనే తలా ఒక సలహా ఇస్తున్నాం. ఇంతలో ఒక పెద్దావిడ ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, "అక్కడ కాలేజీలో కౌన్సెలింగ్ అని ఏదో ఉంటుందిట. దాని జోలికి మాత్రం పోకమ్మా. రికార్డులో పడిందంటే వీసా పోతుంది, రేపు పెళ్లికీ అడ్డం" అంది. అందరూ తలలూపారు. ఆ పిల్లా బుద్ధిగా ఊపింది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు. మూడేళ్ల క్రితం ఇదే మాట మావాడికి చెప్పి పంపింది నేనే. అప్పుడు మా ఇంట్లో జరిగింది ఇవాళ రాస్తున్నాను, మావాడి అనుమతి తీసుకునే. మిగతా దేశాల సంగతి నాకు తెలియదు. అమెరికా సంగతి మాత్రం నొప్పి తగిలి నేర్చుకున్నాను.

మావాడు అక్కడ ఎమ్మెస్‌లో చేరాడు. మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది. రెండోది జనవరి రెండో వారంలో మొదలైంది. ఫిబ్రవరి వచ్చేసరికి వీడియో పెట్టడం మానేశాడు. "నెట్ బాలేదమ్మా" అనేవాడు. వండుకోవడం మానేశాడు. మనకి పగలు, వాళ్లకి తెల్లవారుజామున మూడు గంటలప్పుడు కూడా వాట్సాప్‌లో ఆన్‌లైన్‌లో కనపడేవాడు. చదువుకుంటున్నాడనుకుని నేను మురిసిపోయాను! ఒకసారి, "అమ్మా, ఇక్కడ కౌన్సెలర్లుంటారుట, ఒకసారి మాట్లాడదామనుకుంటున్నా" అన్నాడు. నేను వెంటనే, "అవన్నీ మనకెందుకు నాన్నా, ఎవరికీ చెప్పకు. వీసా గొడవలొస్తాయి. హనుమాన్ చాలీసా చదువుకో, నిద్ర పడుతుంది" అన్నాను. చాలీసా తప్పని అనడం లేదు. కానీ వాడు ధైర్యం చేసి తట్టబోయిన ఒక తలుపుని నేను ఇక్కణ్ణించే మూసేశాను. అది తప్పు. దానివల్ల మావాడికి అయిదు వారాలు పోయాయి.

ఆ అయిదు వారాలు ఎంత ఖరీదైనవో నాకు తరవాత తెలిసింది. ఆడవాళ్లం ఇంటి లెక్కలు చూసేవాళ్లం కదా, ఈ లెక్క కూడా చూడండి. సెమిస్టర్ అంటే సుమారు పదిహేను, పదహారు వారాలు. కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ముందు ఫోన్లోనే కాసేపు మాట్లాడి పరిస్థితి ఎంత తొందరగా చూడాల్సిందో తేల్చుకుంటారు. ఆ తరవాత అపాయింట్‌మెంట్‌కి వారమో రెండు వారాలో పడుతుంది. మిడ్‌టర్మ్ పరీక్షల రోజుల్లో అందరూ ఒక్కసారే వస్తారు కాబట్టి ఇంకా ఆలస్యం. డాక్టరు మందు అవసరమన్నాడనుకోండి, డిప్రెషన్ మందు వేసుకున్న మర్నాటికి పనిచెయ్యదు. గుణం తెలియడానికి తరచు నాలుగు నుంచి ఆరు వారాలు. ఇప్పుడు కూడండి. నాలుగో వారంలో వెళ్లిన పిల్లకి సెమిస్టర్ చివరి నెల చేతిలో మిగులుతుంది. తొమ్మిదో వారంలో వెళ్లిన పిల్లకి మందు పనిచేసే వేళకి పరీక్షలు అయిపోతాయి. మావాడు నాలుగో వారంలో అడిగాడు. నేను వద్దన్నాను. వాడు వెళ్లింది తొమ్మిదో వారంలో, మిడ్‌టర్మ్‌లో ఖాళీ పేపరిచ్చి వచ్చాక.

"మరీ ముదిరితే వెళ్దువుగాని" అంటాం చూడండి, ఆ మాటలో ఉన్న తప్పు ఇదే. ముదిరాక వెళ్తే పిల్ల కోలుకుంటుంది, సెమిస్టర్ కోలుకోదు. అక్కడి డాక్టర్లు చూసే గుర్తు చాలా మామూలుది. రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్రో ఆకలో తారుమారవడం. దానికి తోడు క్లాసుకి వెళ్లలేకపోవడం, ప్రొఫెసర్ల మెయిళ్లు తెరవడానికే భయపడటం మొదలైతే ఇంక ఆగకూడదు. రెండు వారాలు జ్వరం తగ్గకపోతే మనం ఆగుతామా?

సరే, వీసా భయం సంగతికొద్దాం. మావాడు మొదటిరోజు కౌన్సెలర్ ముందు కూర్చుని తన కష్టం చెప్పుకోలేదుట. మూడు ప్రశ్నలు అడిగాడుట. మా అమ్మకి తెలుస్తుందా? మా ప్రొఫెసర్‌కి తెలుస్తుందా? వీసా వాళ్లకి తెలుస్తుందా? నేను వాడి నెత్తిన పెట్టి పంపిన భయాలే అవన్నీ.

ఆవిడ ముందు ఒక కాగితం చూపించి, సంతకం పెట్టేముందు మొత్తం చదివించిందిట. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందని, ఏ సందర్భాల్లో బయటికి చెప్పాల్సి వస్తుందో కూడా అందులో ఉంటుంది. తన ప్రాణానికో ఇంకొకళ్ల ప్రాణానికో ముంచుకొచ్చిన ప్రమాదం ఉన్నప్పుడు, పసిపిల్లల్నో వృద్ధుల్నో ఎవరైనా హింసిస్తున్నట్టు తెలిసినప్పుడు, కోర్టు ఉత్తర్వు వచ్చినప్పుడు. రాష్ట్రాన్ని బట్టి మాటల్లో చిన్న తేడాలుంటాయి కానీ అసలు వరస ఇదే. ఆ నోట్సు మార్కుల జాబితాలో కలవదు. ప్రొఫెసర్ చూడలేడు. విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లదు. ఫలానా కుర్రాడు దిగులుగా ఉందని మా దగ్గరికొచ్చాడని ఏ ప్రభుత్వానికీ రాయరు.

వీసా ఫారంలో ఆరోగ్యం గురించి ఒక ప్రశ్న ఉన్నమాట నిజమే. దాచను. తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చే మానసిక, శారీరక వ్యాధి ఉందా అని అడుగుతారు. దిగులుకి కౌన్సెలింగ్ తీసుకున్నావా అని అడగరు. ఈ రెండింటికీ చాలా దూరం. మనం ఆ దూరాన్ని చెరిపేసి పిల్లల్ని బెదిరిస్తున్నాం.

అసలు వీసాకి ముప్పు ఎక్కడుందో చెప్తాను, ఇది మన పేరంటాల్లో ఎవరూ చెప్పరు. ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లలు ప్రతి సెమిస్టర్‌లో పూర్తి కోర్సులు చదవాలి. మావాడికి తొమ్మిది క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. జబ్బు చేసి చదవలేకపోతే తగ్గించుకునే దారి చట్టంలోనే ఉంది. విదేశీ విద్యార్థుల ఆఫీసులో డీఎస్‌ఓ అని ఒక అధికారి ఉంటారు. డాక్టరు ఉత్తరం చూసి ఆయన కోర్సులు తగ్గించుకోవడానికి, అవసరమైతే ఆ సెమిస్టర్ పూర్తిగా ఆపుకోవడానికి కూడా అనుమతి ఇవ్వవచ్చు. ఒక డిగ్రీకి మొత్తం కలిపి పన్నెండు నెలల వరకూ. మానసిక అనారోగ్యం కూడా ఇందులోకి వస్తుంది. కాకపోతే వరస ముఖ్యం. ముందు అనుమతి, ఆ తరవాతే సబ్జెక్టు మానడం.

మావాడికి ఇక్కడ ఒక చిక్కొచ్చింది. వారంవారం మాట్లాడే కౌన్సెలర్ మంచావిడే కానీ, ఆవిడ ఉత్తరం ఈ పనికి చెల్లదు. మెడికల్ డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో రాయాలి. ఆవిడే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డాక్టర్ దగ్గరికి పంపింది. దానికో వారం పట్టింది. ఆ డాక్టరు రాసిన ఉత్తరంలో, ఆరోగ్య కారణాల వల్ల ఈ సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టే చదవడం మంచిదని ఉంది తప్ప వాడు ఏడ్చింది, నిద్రపోనిది ఏమీ లేదు. వైద్య కారణంతో కోర్సులు తగ్గించారని సెవిస్ రికార్డులో పడుతుంది, అంతవరకు నిజం. గదిలో మాట్లాడుకున్నది పడదు. ఏప్రిల్ మొదటి వారంలో డీఎస్‌ఓ ఒప్పుకున్నాక, యూనివర్సిటీ పెట్టిన గడువు నాలుగు రోజులుందనగా, రెండు సబ్జెక్టులు మానుకున్నాడు. మార్కుల జాబితాలో వాటి ఎదురుగా డబ్ల్యూ అని ఉంటుంది. ఎందుకు మానాడో ఉండదు. కట్టిన ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. ఆ డబ్బు పోవడానికి కారణం కౌన్సెలింగ్ కాదు, నా ఆలస్యం.

మాకు తెలిసిన ఇంకో ఇంట్లో అబ్బాయికి కూడా ఇదే దిగులు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని తనంతట తానే రెండు సబ్జెక్టులు మానేశాడు. డాక్టరు లేడు, అనుమతి లేదు. అతని సెవిస్ రికార్డు మూతపడింది, తిరిగి రావలసి వచ్చింది. చూడండి, ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఎవరికీ చెప్పకుండా ఉన్నవాడి వీసా పోయింది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినవాడి వీసా నిలిచింది. ఈసారి ఎవరైనా "వీసా పోతుంది" అంటే ఈ మాట చెప్పండి.

ఇక అన్నిటికన్నా మనకి మింగుడుపడనిది: "కన్నతల్లిని, నాకు చెప్పరా?"

మార్చి ఆఖర్లో వాడి రూమ్మేట్ ఫోన్ చేశాడు. "ఆంటీ, వాడు రూమ్‌లోంచి బయటికి రావట్లేదు, నేను చెప్పానని చెప్పకండి" అన్నాడు. నా కాళ్లు చల్లబడ్డాయి. మావాడికి చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. మన రాత్రి పదిన్నరకి, అంటే వాళ్ల మధ్యాహ్నం ఒంటిగంటకి, ఆ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ చేశాను. వచ్చీరాని ఇంగ్లీషులో, మా అబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడా అని అడిగాను. "ఎవరు వస్తున్నారో, రావడం లేదో మేం చెప్పలేమండీ. కానీ మీకు తెలిసింది మీరు చెప్పండి, నేను వింటాను" అంది అవతలి మనిషి. నాకు ఎంత కోపమొచ్చిందంటే, "ఫీజు కట్టేది మేము" అని అరిచి ఫోన్ పెట్టేశాను.

అప్పటికి మావాడు రెండు వారాలుగా ఆ గదికే వెళ్తున్నాడు.

తరవాత తెలుసుకున్నాను. అక్కడి చట్టం ప్రకారం కాలేజీలో చేరిన పిల్లల రికార్డుల మీద హక్కు వాళ్లదే, ఫీజు ఎవరు కట్టినా సరే. కౌన్సెలింగ్ రికార్డుకైతే దానికి మించిన కాపలా. పిల్లవాడు పేరు రాసి, ఏమేం చెప్పవచ్చో రాసి సంతకం పెడితేనే మనకి చెప్తారు. వాడు ఆ సంతకం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నిజంగా ప్రాణం మీదికొస్తే ఇంటివాళ్లకి చెప్పడానికి చట్టం అడ్డుపడదు, అయితే తప్పనిసరీ చెయ్యదు.

మొదట నాకిది దుర్మార్గం అనిపించింది. ఇన్ని వేల మైళ్ల దూరంలో బిడ్డని పెట్టుకున్న తల్లికి ఈ మాత్రం చెప్పకపోతే ఎలా? ఈ బాధ అబద్ధం కాదు, ఇప్పటికీ నాలో ఉంది. కానీ జూన్‌లో వాడు ఇంటికొచ్చినప్పుడు, వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్లూపుకుంటూ ఒక మాటన్నాడు. "అమ్మా, నీకు చెప్పేస్తారేమో అనుకుంటే నేను అసలు వెళ్లేవాణ్ణే కాదు." నేను పప్పులో పోపు పెడుతున్నాను. ఆవాలు మాడిపోయాయి.

ఆలోచించండి. నాకు చెప్పకూడదనే నియమం లేకపోతే వాడికి ఆ గది లేదు. నేను వెతుకుతున్న రక్షణా, నేను తిట్టుకున్న ఆ నియమమూ ఒకటే.

ఇంకొకటి కూడా చెప్పాడు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ మొహమాటం లేకుండా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగిందిట. "పొద్దున లేవకుండా ఉంటే బాగుండనిపిస్తుంది" అన్నాడుట. అలా చెప్తే పోలీసులు వచ్చి ఆసుపత్రికి పట్టుకుపోతారని వాడి స్నేహితులు భయపెట్టారు. ఎవరూ రాలేదు. ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, ఎలా అని ఏమైనా అనుకున్నావా, గదిలో అలాంటివేమైనా ఉన్నాయా అని నెమ్మదిగా అడిగి, ఇద్దరూ కలిసి ఒక కాగితం రాసుకున్నారు. ఆలోచన ముదురుతున్న గుర్తులేమిటి, అప్పుడు ముందు ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, రాత్రివేళ ఏ నంబరు. అక్కడ 988 అనే నంబరుకి ఇరవైనాలుగు గంటలూ ఫోనో మెసేజో చెయ్యవచ్చు. తప్పించుకోలేని ప్రమాదం కనపడితే ఆసుపత్రికి పంపుతారు, అది నిజమే. ఆలోచన వచ్చిందని చెప్పిన ప్రతివాణ్ణీ పంపరు.

ఈ ఏర్పాటుకి హద్దులు లేవని కాదు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ కొద్దికాలానికే. కొన్ని వారాలు చూసి, ఇంకా అవసరమైతే బయటి వాళ్ల దగ్గరికి పంపుతారు. అప్పుడు ఇన్సూరెన్సు చూసుకోవాలి, ప్రతిసారీ కొంత చేతినుంచి పడుతుంది. లైసెన్సు రాష్ట్రానికి ఒకటి కాబట్టి సెలవులకి ఇంటికొచ్చిన పిల్లతో వీడియోలో మాట్లాడటం వాళ్లకి సాధారణంగా కుదరదు. ప్రయాణానికి ముందే సెలవుల సంగతి, మందుల సంగతి అడిగి ఉంచుకోవాలి. ఇంకో జాగ్రత్త, రహస్యం కౌన్సెలర్‌కే. దయగా మాట్లాడారని ప్రొఫెసర్‌కో హాస్టల్ చూసే సీనియర్‌కో అంతా చెప్పేసుకుంటే, వాళ్లు పైవాళ్లకి చెప్పాల్సిన సందర్భాలుంటాయి.

మరి తల్లులం చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. నేనారోజు ఫోన్ పెట్టెయ్యకుండా ఉండాల్సింది. వాళ్లు చెప్పలేరు కానీ వినగలరు. "రెండు వారాలుగా గది దాటలేదు, అన్నం తినడం లేదు" అని రూమ్మేట్ పేరు చెప్పకుండానే చెప్పి ఉంటే, ఆ మాట కౌన్సెలర్‌కి చేరే వీలుండేది. చాలా యూనివర్సిటీల్లో డీన్ ఆఫీసు కూడా ఇలాంటి మాట తల్లిదండ్రుల నుంచి తీసుకుంటుంది, ఎవరో ఒకరు పిల్లల్ని పలకరిస్తారు. పిల్ల అసలు ఫోనే ఎత్తకపోతే, ప్రాణభయం ఉంటే, క్యాంపస్ పోలీసులకి ఫోన్ చేసి ఒకసారి గదికి వెళ్లి చూడమనవచ్చు. మన ఇంటి నుంచి 911 కొడితే అక్కడికి తగలదు. ఆ క్యాంపస్ పోలీసుల పూర్తి నంబరు, ముందు +1 తో సహా, ఇప్పుడే ఫోన్లో రాసిపెట్టుకోండి. ఇక మన దిగులు పంచుకోవడానికి మనకీ ఒకరు కావాలి. 14416 అని టెలీ మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రోజుల్లో మా ఆయనకి కూడా చెప్పకుండా నేను రెండుసార్లు చేశాను.

పెళ్లి సంగతి మిగిలింది కదా. ఆ గదిలో ఏం జరిగిందో కన్నతల్లికే చెప్పనివాళ్లు మీ వియ్యంకుడికి చెప్తారా?

ఆ రోజు పేరంటంలో నేను ఇంత ప్రసంగం చెయ్యలేదు. పెద్దావిడ ముందు నోరెత్తలేకపోయాను కూడా. తాంబూలం పుచ్చుకుని వెళ్లబోతూ ఆ పిల్లని సూట్‌కేసుల దగ్గరికి పిలిచాను. వాళ్లమ్మని కూడా. "అక్కా, ఏమిటి?" అంది వాళ్లమ్మ కంగారుగా. ఆ పిల్ల ఫోన్లో వాళ్ల యూనివర్సిటీ పేజీ తెరిపించి, కౌన్సెలింగ్ సెంటర్ నంబరు సేవ్ చేయించాను. "నాలుగో వారంలో నిద్ర పట్టకపోతే నాలుగో వారంలోనే ఫోన్ చెయ్యి. సబ్జెక్టు మానాలంటే ముందు డాక్టరు, తరవాత డీఎస్‌ఓ, ఆ తరవాతే మానడం. మీ అమ్మకి చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు" అన్నాను.

వాళ్లమ్మ మొహం చిన్నబోయింది. కాసేపాగి, "నాకు చెప్పకపోయినా పర్లేదమ్మా, వెళ్లు" అంది కూతురితో. ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను మూడేళ్ల క్రితం అనలేకపోయాను.